జేబులో రూటరు: రెండు లంకెలు, రెండు పాస్‌వర్డులు

పాకెట్ వైఫై రూటరు అరచేతిలో ఇమిడిపోయే చిన్న పెట్టె. దాని లోపల ఒక సిమ్ కార్డు, ఒక బ్యాటరీ ఉంటాయి. ఒకవైపు అది మొబైల్ టవరుతో మాట్లాడుతుంది, ఇంకోవైపు ఇంట్లోని ఫోన్లతో, ల్యాప్‌టాప్‌లతో మాట్లాడుతుంది. టవరు నుంచి వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా మార్చి పంచిపెట్టడమే దాని పని. జియో అమ్మిన పెట్టె పేరు జియోఫై. అది బాగా వ్యాపించడంతో, కంపెనీ ఏదైనా ఈ వస్తువును జియోఫై అనే పిలిచేవాళ్లు తెలుగు ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు.

దీనితో ఎదురయ్యే చిక్కుల్లో చాలా వరకు ఒకే పొరపాటు నుంచి పుడతాయి. ఫోన్ నుంచి రూటరుకు ఒక లంకె, రూటరు నుంచి టవరుకు ఇంకో లంకె, మొత్తం రెండు ఉన్నాయన్న సంగతిని మనిషి మరిచిపోతాడు. ఫోన్ తెర మీద కనిపించే వైఫై గుర్తు మొదటి లంకెకు మాత్రమే హామీ. మేడ మీద ట్యాంకు ఎండిపోతే కుళాయి ఎంత తిప్పినా చుక్క రానట్టు, రెండో లంకె తెగితే వైఫై గుర్తు నిండుగా వెలుగుతున్నా ఒక్క సందేశం కూడా కదలదు. ఏ లంకె తెగిందో చెప్పేది రూటరు లోపలే ఉండే చిన్న నిర్వహణ పేజీ. దాన్నే అడ్మిన్ పేజీ అంటారు. దాన్ని తెరవడం వస్తే సగం పని అయినట్టే.

ఉదాహరణకు ఒక పెట్టెను తీసుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. టీపీ-లింక్ కంపెనీ ఎం7200 అనే మోడల్ మన దేశంలో దొరికే 4జీ పాకెట్ రూటరు. బ్యాటరీ 2000 ఎంఏహెచ్. వైఫైకి ఒకేసారి పది పరికరాల వరకు కలుపుకోవచ్చు. తెర ఉండదు, వైఫైకి, ఇంటర్నెట్‌కి, బ్యాటరీకి చిన్న దీపాలు మాత్రమే ఉంటాయి. తెర లేని పెట్టె కాబట్టే దాని మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఫోన్ అవసరం. ఇతర కంపెనీల పెట్టెల్లో మెనూల పేర్లు వేరుగా ఉన్నా, పద్ధతి దాదాపు ఇదే.

మొదటి లంకె

ముందుగా సిమ్. కొత్త సిమ్‌ను నేరుగా రూటరులో పెట్టడం మంచిది కాదు. దాన్ని మొదట ఏదైనా ఫోన్‌లో వేసి, చెల్లుబాటులోకి వచ్చిందా, ఒక వెబ్ పేజీ తెరుచుకుంటోందా అని చూసుకోవాలి. అలా చూసుకుంటే తర్వాత ఇబ్బంది వచ్చినప్పుడు సిమ్‌ను అనుమానించే పని తప్పుతుంది. సిమ్‌కు పిన్ తాళం ఉంటే ఫోన్‌లోనే తీసేయాలి. మూడుసార్లు తప్పు పిన్ కొడితే సిమ్ మూసుకుపోయి, పీయూకే సంఖ్య కోసం కంపెనీని అడగాల్సి వస్తుంది. ఇప్పటి నానో సిమ్ కొన్ని రూటర్ల స్లాటు కన్నా చిన్నది. అప్పుడు ప్లాస్టిక్ చట్రంలో బిగించి పెట్టాలి. చట్రంలోంచి సిమ్ ఒక వెంట్రుకవాసి జారినా రూటరు దాన్ని గుర్తించదు. ఇక ఖాళీ చట్రాన్ని లోపలికి తోస్తే స్లాటులోని సన్నని లోహపు ముల్లులు వంగిపోయి పెట్టె రిపేరుకు వెళ్తుంది.

బ్యాటరీ పెట్టి, బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపాలు వెలుగుతాయి. మూత లోపల అంటించిన కాగితం మీద వైఫై పేరు, దాని పాస్‌వర్డ్ ముద్రించి ఉంటాయి. పేరు `TP-Link_` అని మొదలై, వెనక నాలుగు అక్షరాలో అంకెలో ఉంటాయి. మూత మూసే ముందు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోవడం తెలివైన పని. ఆ అక్షరాలు చీమల బారులాగా ఉంటాయి. రాత్రిపూట కరెంటు లేనప్పుడు మూత విప్పి చదవడం కన్నా ఫొటోను పెద్దది చేసి చూడడం తేలిక.

ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిస్తే ఆ పేరు జాబితాలో కనిపిస్తుంది. దాన్ని తాకి పాస్‌వర్డ్ కొడితే ఫోన్ కలుస్తుంది. ఈ క్షణంలో రూటరు ఫోన్‌కు `192.168.0.` అని మొదలయ్యే ఒక లోపలి చిరునామా ఇస్తుంది, తన చిరునామా `192.168.0.1` అని చెబుతుంది. ఇదంతా తెర వెనక జరిగిపోతుంది. సిమ్‌లో రీచార్జి లేకపోయినా, అసలు సిమ్మే లేకపోయినా ఈ మొదటి లంకె కుదురుతుంది.

అయితే ఇంటర్నెట్ లేని వైఫై అంటే నేటి ఫోన్లకు పడదు. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం వేసి, ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, ఇందులోనే ఉండాలా అని అడుగుతుంది. చాలామంది వద్దని తాకుతారు, లేదా ఆ ప్రశ్నను పక్కకు తోసేస్తారు. ఫోన్ మెల్లగా తన సొంత మొబైల్ డేటాకు జారుకుంటుంది. యూట్యూబ్ మామూలుగానే ఆడుతుంది కనుక రూటరు పనిచేస్తోందనే భ్రమ కలుగుతుంది, ఖర్చయ్యేది మాత్రం ఫోన్‌లోని సిమ్ డేటా. అందుకే కొత్త రూటరును సర్దేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటాను ఆఫ్ చేసి ఉంచాలి. వీపీఎన్ యాప్ ఏదైనా నడుస్తుంటే దాన్నీ ఆపాలి. ఈ రెండు పనులూ చేయకుండా రూటరు చెడిపోయిందని దుకాణానికి తిరిగి తీసుకెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు.

తలుపు ఎక్కడుంది

నిర్వహణ పేజీ ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండదు, ఆ పెట్టెలోనే ఉంటుంది. అందువల్ల దాన్ని తెరవడానికి ఇంటర్నెట్ అవసరం లేదు, మొదటి లంకె ఉంటే చాలు. ఫోన్‌లోని బ్రౌజర్ తెరిచి పైనున్న చిరునామా గడిలో ఇలా కొట్టాలి:

```
http://192.168.0.1
```

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవే కానీ పదేపదే జరుగుతాయి. మొదటిది, ఫోన్ ముఖపుటలో ఉండే గూగుల్ వెతుకులాట గడిలో ఈ అంకెలు కొట్టడం. అప్పుడు పేజీ తెరుచుకోదు, దాని గురించి రాసిన పది వెబ్‌సైట్లు వస్తాయి. వాటిలో కొన్ని రూటరు లాగిన్ పేజీలాగే కనిపిస్తూ పాస్‌వర్డ్ అడుగుతాయి కూడా. రెండోది, సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టడం. మూడోది, ముందున్న `http://` వదిలేయడం. కొన్ని బ్రౌజర్లు దానికి బదులు `https` తగిలించుకుని వెళ్లి, పేజీ లేదని తిరిగొస్తాయి. అంకెలకు బదులు `tplinkmifi.net` అని కూడా కొట్టవచ్చు. ఆ పేరును పట్టుకుని తన పేజీకి దారి చూపేది రూటరే. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకున్నవాళ్లకు ఈ పేరు పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఆ ప్రశ్న రూటరుకు చేరకుండానే బయటికి వెళ్లిపోతుంది. అంకెలకు ఆ ఇబ్బంది లేదు.

వేరే కంపెనీ పెట్టె అయితే అంకెలు మారుతాయి. జియోఫైకి `192.168.225.1`, హువావే పెట్టెల్లో చాలావాటికి `192.168.8.1`. వీటిని గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో కలిసిన వైఫై పేరు పక్కనున్న గుర్తును తాకి వివరాల్లోకి వెళ్తే `Gateway` అనే వరుసలోను, ఐఫోన్‌లో అదే చోట `Router` అనే వరుసలోను కనిపించే అంకెలే ఆ చిరునామా. ఏ పెట్టెకైనా, ఏ దేశంలో కొన్నదానికైనా ఈ కిటుకు పనిచేస్తుంది. అక్కడ మనం అనుకున్నది కాక వేరే అంకెలు కనిపిస్తే, ఫోన్ ఇంట్లోని మరో వైఫైకి కలిసి ఉందని అర్థం. ఫైబర్ కనెక్షన్ కూడా ఉన్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే.

పేజీ తెరుచుకోగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు. ఎం7200లో మొదటి పాస్‌వర్డ్ `admin`. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్నవి మొదటిసారి తెరిచినప్పుడే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. వైఫై పాస్‌వర్డ్ వీధి గేటు తాళం లాంటిదైతే, ఇది బీరువా తాళం.

బ్రౌజర్ ఇష్టపడనివారికి యాప్ ఉంది. ఈ మోడల్‌కు పనికొచ్చే యాప్ పేరు `tpMiFi`. రూటరులో ఇంకా ఇంటర్నెట్ రాకముందు యాప్‌ను దింపుకోవడం కుదరదు గనుక, దాన్ని ఫోన్ డేటాతో ముందే దింపుకోవాలి. యాప్ అయినా, పేజీ అయినా చూపించేది ఒకే పెట్టెను. బ్యాటరీ శాతం, కలిసిన పరికరాలు, వాడిన డేటా, ఎస్ఎంఎస్‌లు యాప్‌లో చక్కగా ఒక్కచోట కనిపిస్తాయి. లోతైన మార్పులకు మాత్రం పేజీయే సుఖం. యాప్ రూటరు దొరకలేదంటే దానికి సాధారణంగా అనుమతే కారణం. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి స్థానిక నెట్‌వర్క్‌ను చూసే అనుమతిని ప్రతి యాప్‌కూ విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు కాదని తాకితే, యాప్ ఎన్నిసార్లు తెరిచినా గుడ్డిగానే ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి `Local Network` కింద ఆ యాప్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది. ఊళ్లో ఉన్న రూటరును హైదరాబాదులో కూర్చుని ఈ యాప్‌తో చూడడం కుదరదు. ఆ వైఫైలో ఉన్న ఫోన్‌కే అది పలుకుతుంది.

బీరువా తాళం ఎందుకు మార్చాలి

లోపలికి వెళ్లాక మొదట చేయాల్సిన మార్పు అడ్మిన్ పాస్‌వర్డ్‌దే. చాలామంది వైఫై పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటారు. ఇందులోని ప్రమాదం వైఫై దొంగతనం కన్నా పెద్దది. రూటరులోని సిమ్‌కు వచ్చే ఎస్ఎంఎస్‌లన్నీ ఈ పేజీలోనే తెరుచుకుంటాయి. పండక్కి వచ్చిన చుట్టాలకో, పక్కింటి కుర్రాడికో వైఫై పాస్‌వర్డ్ చెప్పడం సహజం. అడ్మిన్ పాస్‌వర్డ్ `admin` గానే ఉంటే, వాళ్లలో ఎవరైనా అదే వైఫైలో ఉండి ఆ సిమ్‌కు వచ్చే ఓటీపీలను చదవగలరు.

వైఫై పాస్‌వర్డ్‌ను మార్చేటప్పుడు కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. భద్రత రకం డబ్ల్యూపీఏ2 అని ఉందో లేదో చూసుకుని, అలాగే ఉంచాలి. సేవ్ చేసిన మరుక్షణం ఒక వింత జరుగుతుంది. పేజీ కదలకుండా ఆగిపోతుంది, లేదా యాప్ కనెక్షన్ పోయిందంటుంది. మార్పు విఫలమైందని కంగారుపడి బటన్లు నొక్కేవాళ్లున్నారు. నిజానికి మార్పు జరగబట్టే ఆ లంకె తెగింది. కూర్చున్న కొమ్మనే నరికినట్టు, ఏ వైఫై మీద ఉండి మార్చారో దాని తాళమే మారింది. కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలవాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. వైఫై పేరు పాతదే ఉంచి పాస్‌వర్డ్ మాత్రమే మారిస్తే, ఇంట్లోని ఫోన్లు దాచుకున్న పాత పాస్‌వర్డ్‌నే పదేపదే పంపుతూ ఉంటాయి. కొన్ని ఫోన్లు కొత్తది అడగనే అడగవు, కలవడం లేదని మాత్రమే అంటాయి. ప్రతి ఫోన్‌లోనూ ఆ వైఫై పేరును తాకి `Forget` చేసి, మళ్లీ కొత్తగా కలపాలి. పేరు కూడా మార్చేస్తే ఈ గొడవ ఉండదు. పేరులో ఇంటి నంబరు, ఫోన్ నంబరు పెట్టడం మాత్రం వద్దు. ఆ పేరు గోడ అవతల కూడా కనిపిస్తుంది.

పాస్‌వర్డ్ తెలిసిన ఒక్కరిని ఆపాలంటే, కలిసిన పరికరాల జాబితాలో ఆ ఫోన్‌ను ఎంచి నిరోధించే వీలుంది. అయితే దీన్ని గట్టి తాళంగా భావించకూడదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నాటి నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్యను దాచి వైఫైకి ఒక మారు సంఖ్య చూపించగలుగుతున్నాయి. ఆ సంఖ్య మారితే నిరోధించిన ఫోనే కొత్త అతిథిలా లోపలికి వస్తుంది. పాస్‌వర్డ్ మార్చడమే నికరమైన మార్గం.

రెండో లంకె తెగితే

ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరి ఇల్లు అనుకుందాం. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం తండ్రి ఎం7200 కొని, జియో సిమ్ వేసి, ఏడాది వాడారు. అప్పట్లో దుకాణం కుర్రాడు ఇంటర్నెట్ ప్రొఫైల్‌ను తన చేత్తో నింపి ఇచ్చాడు. ఇప్పుడు ఆ వీధిలో ఎయిర్‌టెల్ సిగ్నల్ మెరుగ్గా ఉందని విని సిమ్ మార్చారు. పెట్టె ఆన్ అయింది. ఫోన్ వైఫైకి కలిసింది. గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం వచ్చింది, క్లాసు తెరుచుకోలేదు. అదే సిమ్ ఫోన్‌లో వేస్తే నిక్షేపంగా పనిచేస్తోంది.

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి `http://192.168.0.1` కొట్టగానే పేజీ వచ్చింది. అంటే మొదటి లంకె బాగానే ఉంది. ఇక ఫోన్ జోలికి వెళ్లనక్కరలేదు, వైఫై పాస్‌వర్డ్ జోలికీ వెళ్లనక్కరలేదు. లోపల స్థితి చూస్తే సిమ్‌ను గుర్తించింది, కంపెనీ పేరు ఎయిర్‌టెల్ అని చూపింది, సిగ్నల్ గీతలు మూడు ఉన్నాయి. అంటే సిమ్ సరిగ్గా కూర్చుంది, టవరు అందుతోంది. అయినా ఇంటర్నెట్ మాత్రం కలవలేదని ఉంది. మొబైల్ డేటా స్విచ్ రూటరులోనూ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లోనే ఉంది. మిగిలిన అనుమానం ఒక్కటే, ఏపీఎన్.

ఏపీఎన్ అంటే సిమ్ కంపెనీ నెట్‌వర్కు నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం పేరు. ఫోన్లు సిమ్‌ను చూసి ఆ పేరును వాటంతటవే పెట్టుకుంటాయి. రూటర్లు కూడా చాలాసార్లు పెట్టుకుంటాయి, కానీ ఎవరైనా చేత్తో రాసిన ప్రొఫైల్ ఉంటే దాన్నే పట్టుకుని కూర్చోవచ్చు. ఈ ఇంట్లో జరిగింది అదే. `Dial-up Settings` తెరిస్తే ప్రొఫైల్‌లో ఏడాది కిందటి `jionet` అలాగే ఉంది. ఎయిర్‌టెల్ ద్వారం పేరు వేరు. కొత్త ప్రొఫైల్ సృష్టించి, పేరు దగ్గర గుర్తుకోసం ఏదో ఒకటి రాసి, ఏపీఎన్ గడిలో ఇలా కొట్టాలి:

```
airtelgprs.com
```

యూజర్ నేమ్, పాస్‌వర్డ్ గడులు ఖాళీగా వదిలేయాలి. అవి ఖాళీగా ఉంటే ఏదో లోపమనుకుని అక్కడ కూడా `admin` కొట్టేవాళ్లుంటారు, దానివల్ల లేనిపోని తంటా. సేవ్ చేసి, వాడే ప్రొఫైల్‌గా ఈ కొత్తదాన్ని ఎంచుకుంటే కాసేపట్లో స్థితి మారి, కలిసిందని చూపిస్తుంది. ఫోన్‌లో ఆశ్చర్యార్థకం ఇంకా పోకపోతే వైఫైని ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలు. వీఐ సిమ్‌కు ఆ గడిలో `www`, బీఎస్ఎన్ఎల్‌కు `bsnlnet` పెడతారు. అన్నట్టు, జియోఫై అయితే ఈ తండ్రికి సిమ్ మార్చే అవకాశమే ఉండేది కాదు. అది జియో సిమ్‌తో మాత్రమే పనిచేసేలా తాళం వేసి అమ్మినది.

అదే పేజీలో వేరే దృశ్యం కనిపిస్తే కారణం కూడా వేరే. సిమ్ లేదని చూపితే చట్రాన్ని, సిమ్ పెట్టిన దిశను చూడాలి. సిమ్ ఉండి సర్వీస్ లేదంటే ఆ మూలన సిగ్నల్ అందడం లేదు. అప్పుడు పెట్టెను కిటికీ దగ్గరికి, వీలైతే మేడ మీదికి మార్చి చూడాలి. ఫోన్‌లో వైఫై గీతలు బలంగా కనిపించడం కోసం రూటరును పక్కనే పెట్టుకునేవాళ్లు ఈ విషయం గమనించాలి. బలహీనమైన లంకె టవరు వైపుది, కాబట్టి రూటరును టవరు బాగా అందే చోట ఉంచి ఫోన్ కాస్త దూరంగా ఉన్నా నష్టం లేదు. ఇక అన్నీ బాగుండి, కలిసిందని కూడా చూపుతూ, పేజీలు మాత్రం నత్తనడక నడుస్తుంటే లెక్క చూసుకోవాల్సింది రీచార్జిలో.

సందేశాలు, డేటా లెక్క

రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్లలో ఆ కోటా అయిపోగానే కంపెనీలు కనెక్షన్‌ను తెంచవు, వేగాన్ని 64 కేబీపీఎస్‌కు దించుతాయి. ఆ వేగంతో 5 ఎంబీ ఫొటో ఒక్కటి రావడానికి పది నిమిషాలు దాటుతుంది. రూటరు మాత్రం అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది, ఎందుకంటే దాని కంటికి రెండు లంకెలూ బాగానే ఉన్నాయి. కోటా అయిందన్న కబురు ఎస్ఎంఎస్ రూపంలో వస్తుంది. ఆ ఎస్ఎంఎస్ రూటరులోనే కూర్చుంటుంది. యాప్ తెరిచి సందేశాల పెట్టె చూడనివారికి అది ఎప్పటికీ తెలియదు.

ఈ సందేశాల పెట్టెకు ఇంకో ముఖ్యమైన పని ఉంది. రూటరు సిమ్ ఖాతాను కంపెనీ యాప్‌లో తెరవాలంటే ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. దానికోసం సిమ్ పీకి ఫోన్‌లో వేయనక్కరలేదు, నిర్వహణ పేజీలో చదువుకోవచ్చు. పెట్టె నిండిపోతే కొత్త సందేశాలకు చోటుండదు కనుక పాతవాటిని అప్పుడప్పుడు తుడిచేయాలి. అయితే బ్యాంకు ఖాతాకు ముడిపడిన నంబరును రూటరులో పెట్టడం తెలివితక్కువ పని. యూపీఐ యాప్ నమోదయ్యేటప్పుడు ఆ ఫోన్‌లో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ పంపి నిర్ధారించుకుంటుంది. సిమ్ రూటరులో ఉంటే ఆ పని జరగదు. రూటరుకు విడిగా ఒక సిమ్ ఉండాలి.

ఇంకో నిరాశ కూడా ముందే తెలుసుకోవడం మంచిది. కొన్ని ప్లాన్లలో 5జీ డేటాకు హద్దు లేదంటారు. ఆ సిమ్‌ను 4జీ రూటరులో వేస్తే ఆ వరం వర్తించదు, 4జీ కోటాయే నడుస్తుంది.

డేటా హద్దు పెట్టుకునే సదుపాయం రూటరులో ఉంటుంది. నెలకు ఇంత అని రాసి, అంచుకు రాగానే హెచ్చరించమని చెప్పవచ్చు. రూటరు లెక్క, కంపెనీ లెక్క అణా పైసలతో సరిపోవని మాత్రం గుర్తుంచుకోవాలి. బిల్లుకు చెల్లేది కంపెనీ లెక్కే. డేటాను నిజంగా తినేసేది తరచుగా ఫోన్ స్వభావమే. వైఫై కనబడగానే ఫోన్ అది తరగని ఫైబర్ కనెక్షన్ అనుకుని ఫొటోలను బ్యాకప్ చేస్తుంది, యాప్‌లను అప్‌డేట్ చేస్తుంది. దీన్ని రూటరులో ఆపలేం, ఫోన్‌లోనే ఆపాలి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై వివరాల్లోకి వెళ్లి దాన్ని `Metered` గా మార్చాలి. ఐఫోన్‌లో అక్కడే `Low Data Mode` ఆన్ చేయాలి. పది నిమిషాల్లో రోజు కోటా ఎటు పోయిందని తలపట్టుకునే ఇంట్లో ఈ ఒక్క మార్పుతో తేడా కనిపిస్తుంది.

రోమింగ్ స్విచ్ కూడా అక్కడే ఉంటుంది. విదేశానికి వెళ్లేటప్పుడు రోమింగ్ ప్యాక్ వేయించకుండా దాన్ని ఆన్ చేయకూడదు. దేశం దాటిన రూటరులో ఇక్కడి సిమ్ కన్నా అక్కడ కొన్న సిమ్ చవక, దానికి మళ్లీ ఆ దేశపు ఏపీఎన్ కావాలి. పెట్టె అక్కడి బ్యాండ్లను అందుకోగలదో లేదో కూడా ముందే చూసుకోవాలి.

వైఫై మాయమైతే, పాస్‌వర్డ్ మరిచిపోతే

దీపాలు ఆరిపోయి వైఫై పేరు జాబితాలో లేకుండా పోతే పెట్టె పాడైందనుకోనక్కరలేదు. ఎవరూ వాడకుండా కాసేపు గడిస్తే బ్యాటరీ మిగుల్చుకోవడానికి వైఫైని ఆపేసే ఏర్పాటు వీటిలో ఉంటుంది. బటన్ ఒకసారి నొక్కితే నిద్రలేస్తుంది. ఆ వ్యవధిని పేజీలో పెంచుకోవచ్చు, లేదా అసలు ఆగవద్దని చెప్పవచ్చు. ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి వాడేవారికి ఆగకుండా ఉంచుకోవడమే సుఖం. కానీ రాత్రింబవళ్లు చార్జింగులో ఉంచి, పైన బట్ట కప్పి, టీవీ వెనక పెట్టే అలవాటు బ్యాటరీకి మంచిది కాదు. మూత సరిగ్గా పడకపోయినా, బ్యాటరీ ఉబ్బినట్టు అనిపించినా వెంటనే వాడకం మానేయాలి.

అడ్మిన్ పాస్‌వర్డ్ మరిచిపోతే దొడ్డిదారి లేదు, రీసెట్ ఒక్కటే దారి. పెట్టె ఆన్‌లో ఉండగా మూత విప్పి, లోపలి రీసెట్ బటన్‌ను దీపాలు మిణుకుమనే వరకు నొక్కి పట్టుకోవాలి. దానితో పేరు, పాస్‌వర్డులు, ప్రొఫైళ్లు అన్నీ కొన్ననాటి స్థితికి వస్తాయి. మూత లోపలి కాగితం మీది అక్షరాలు మళ్లీ చెల్లుతాయి. సిమ్‌లోని రీచార్జికి, కోటాకు ఏమీ కాదు. తర్వాత ఫోన్‌లో పాత పేరును `Forget` చేసి మొదటి నుంచి కలుపుకోవాలి. ఇంటర్నెట్ రాలేదని అనగానే రీసెట్ నొక్కే అలవాటు మాత్రం మంచిది కాదు. చేత్తో పెట్టిన ఏపీఎన్ కూడా దానితో పాటు పోయి, ఉన్న చిక్కుకు ఇంకోటి తోడవుతుంది.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, చార్జర్‌కు తగిలించి చేసుకోవాలి. మధ్యలో ఆపితే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు.

రూటరును ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు, అమ్మేటప్పుడు చేయాల్సినవి రెండు. సిమ్ బయటికి తీయాలి, రీసెట్ చేయాలి. సిమ్ తీసి రీసెట్ మరిచిపోతే, పెట్టెలో మిగిలిన సందేశాలు, పాత వైఫై పాస్‌వర్డ్ కొత్త యజమాని చేతికి వెళ్తాయి. రీసెట్ చేసి సిమ్ మరిచిపోతే, ఆ నంబరుకు వచ్చే ఓటీపీలు ఇకమీదట చదివేది ఆయనే.